మూడో రాత్రి ఏడుపు

ఎత్తుకోకుండానే పాప తనంతట తాను నిద్రపోవడం నేర్చుకోవాలని స్లీప్ ట్రైనింగ్ మొదలుపెట్టాం. రెండో రాత్రి కాస్త తక్కువే ఏడ్చేసరికి హమ్మయ్య అనుకున్నాం. మూడో రాత్రి పాప ఇల్లు పీకి పందిరేసింది. స్లీప్ ట్రైనింగ్‌లో దీన్ని ఎక్స్‌టింక్షన్ బర్స్ట్ అంటారు. ఇన్నాళ్లూ ఏడిస్తే ఎత్తుకునేవాళ్లం. ఇప్పుడు ఎత్తుకోవడం లేదు కాబట్టి, మానేసే ముందు ఇంకా గట్టిగా ఏడ్చి చూస్తుందన్నమాట.

ముందు లోపలికెళ్లి చూశాను. ఒళ్లు వేడిగా లేదు, డైపర్ పొడిగానే ఉంది, చెవి పీక్కోవడం లేదు. జ్వరమో వాంతులో ఉంటే ట్రైనింగ్ పక్కనపెట్టి ఎత్తుకునేదాన్నే. వీపు నిమిరి బయటికొచ్చేశాను. మానిటర్‌లో చూస్తే, ఏడుపు ఆపి తలుపు వైపు చూస్తుంది, మళ్లీ అందుకుంటుంది!

ఆపేద్దామా అని మా ఆయన గొణుగుతున్నారు. చిక్కంతా ఇక్కడే. 40 నిమిషాలు ఏడ్చాక ఎత్తుకుంటే, అంతసేపు ఏడిస్తే పనవుతుందని మనమే నేర్పినట్టు. తర్వాతి రాత్రి ఇంకా మొండికేస్తుంది. మానాలనుకుంటే పగలే తేల్చుకుని, రాత్రి ఏడుపు అందుకోగానే ఎత్తుకోవడం నయం.

మేం కొనసాగిస్తున్నాం. పాపకు ఆరు నెలలు దాటాయి, డాక్టర్ సరే అన్నారు. అంతకన్నా చిన్నపిల్లైతే ఈ జోలికే వెళ్లేదాన్ని కాదు. వారమైనా తగ్గకపోతే ఆపేస్తాం, మాకు పంతమేం లేదు.