బీరే కదా అనుకునేవాళ్లకు

అనంతపురంలో 21 నిండి మొదటిసారి గ్లాసు పట్టే పిల్లోళ్లు ముందు అడగాల్సింది, "ఈ సీసాలో ఎంతుంది?" అని. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో ఆల్కహాల్ దాదాపు 41 గ్రాములు. 30 మి.లీ. విస్కీలో 10 గ్రాములే. అంటే ఒక్క సీసా నాలుగు చిన్న పెగ్గులతో సమానం.

రెండోది, "ఎంతసేపట్లో తాగాల?" లివర్ గంటకు కరిగించేది సుమారు ఒక చిన్న పెగ్గే. ఎనిమిదికి తెరిచి తొమ్మిదికి ఖాళీ చేస్తే మూడొంతులు ఇంకా ఒంట్లోనే ఉంటుంది, దిగేసరికి అర్ధరాత్రి. పూర్తిగా ఎక్కడానికే అరగంట నుంచి గంట పడుతుంది. "ఏం ఎక్కలేదు మామా" అని రెండోది తెరిచేది సరిగ్గా ఆ గ్యాప్‌లోనే.

మొదటిరోజు అన్నం తిని, సగం సీసా, రెండు గంటలు. చాలు. గ్లాసు మీరే నింపుకోండి, పక్కోడు పోస్తుంటే లెక్క తప్పుతుంది.

ఎప్పుడు ఆపాల? కూర్చుంటే తెలీదు, లేచి నడవండి. తూలినా, చెప్పిందే మళ్లీ చెప్తున్నా ఆపేయాల్సిందే. మజ్జిగ, నిమ్మకాయ మత్తు దించవు. బండి తాళం ముందే ఇచ్చేయండి. ఎవరైనా లేపినా లేవకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, ఒంటరిగా వదలొద్దు.