పద్నాలుగు అనుకున్నవి పది కూడా కాలేదు

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో నేను పనికి కుదిరిన సబ్బుల కార్ఖానా నిజానికి ఒక ఇంటి వెనుక గరాజు. యజమానురాలు 1972లో ఉగాండా నుంచి వెళ్లగొట్టబడిన గుజరాతీ కుటుంబంతో చిన్నపిల్లగా ఈ ఊరు చేరినావిడ. గుజరాతీ పద్ధతిలో నేను ఆవిడను అక్కా అన్నట్టు బెన్ అని, ఆవిడ నన్ను కూతురా అన్నట్టు దీకరీ అని పిలుచుకునేవాళ్లం. పనిలో చేరిన రెండో నెలలో ఆవిడ నాకొక నోటుపుస్తకం ఇచ్చి, ఒక్కో సబ్బు బిళ్ళకు మనకు ఎంత పడుతోందో లెక్క తీయమన్నారు. రాజమండ్రిలో బి.కాం. చదివినదాన్ని కనుక అది అరగంట పని అనుకున్నాను. ఆ లెక్క తేలడానికి ఐదు నెలలు పట్టింది.

మా వాయి ఒకటి కిలో నూనెలతో మొదలవుతుంది. 450 గ్రాముల ఆలివ్ నూనె, 300 గ్రాముల కొబ్బరి నూనె, 200 గ్రాముల షియా బటర్, 50 గ్రాముల ఆముదం. ఒక్కో నూనె సబ్బుగా మారడానికి ఒక్కో మోతాదులో కాస్టిక్ సోడాను తీసుకుంటుంది. చర్మానికి మెత్తగా ఉండడం కోసం ఐదు శాతం నూనె మారకుండా మిగిలేలా చూసుకుంటే ఈ మిశ్రమానికి 140 గ్రాముల కాస్టిక్ సోడా సరిపోతుంది. దాన్ని కరిగించడానికి 280 గ్రాముల డిస్టిల్డ్ వాటర్, చివర్లో 30 గ్రాముల లావెండర్ నూనె కలుస్తాయి. మొత్తం 1450 గ్రాములు.

సరుకుల ధర కట్టేటప్పుడే మొదటి పొరపాటు చేశాను. ఆలివ్ నూనె ఐదు లీటర్ల డబ్బా 32 పౌండ్లు. నేను దాన్ని ఐదు కిలోలుగా తీసుకుని 450 గ్రాములకు 2.88 పౌండ్లు అని రాశాను. కానీ నూనె నీటికంటే తేలిక, ఐదు లీటర్లు తూస్తే సుమారు 4.58 కిలోలే ఉంటుంది. కొనేది లీటర్లలో, వాడేది గ్రాముల్లో కనుక అసలు ఖర్చు 3.14 పౌండ్లు. మిగిలిన నూనెలు, కాస్టిక్ సోడా, నీరు, వాటిని తెప్పించుకోవడానికయ్యే కొరియర్ వాటా అన్నీ చేర్చితే వాయికి 10.50 పౌండ్లు తేలింది. అందులో లావెండర్ నూనె ఒక్కటే 2.10 పౌండ్లు, అంటే తూకంలో మిశ్రమమంతటిలో రెండు శాతమే ఉన్న సరుకు ఖర్చులో ఐదో వంతు తీసుకుంటోంది.

ఆ తర్వాత చేసిన పొరపాటు దీనికంటే పెద్దది. మా బిళ్ళ మీద 100 గ్రాములని ముద్రిస్తాం. మిశ్రమం 1450 గ్రాములు ఉంది కనుక పద్నాలుగు బిళ్ళలు వస్తాయని, ఒక్కోదానికి సరుకు 75 పెన్నీలని రాసి చూపించాను. బెన్ ఏమీ అనకుండా, ఆరు వారాలు ఆరిన బిళ్ళ ఒకటి అరలోంచి తీసి త్రాసు మీద పెట్టారు. 102 గ్రాములు చూపింది. కోసిన రోజున అదే బిళ్ళ 116 గ్రాములు ఉండేదని పుస్తకంలో పాత పేజీ తీసి చూపారు. మా అమ్మ గుమ్మడి వడియాలు పెట్టేటప్పుడు పచ్చిపిండి తూకం చూసి డబ్బాలు సిద్ధం చేసుకోదు కదా! మేం పోసిన నీటిలో చాలా భాగం గాలిలో కలిసిపోతుందన్న సంగతి నాకు తట్టనే లేదు. 100 గ్రాముల బిళ్ళ చేతికి రావాలంటే పచ్చిగా 116 గ్రాములు కోయాలి. గిన్నెకు అంటుకున్నది, రెండు చివరల చెక్కేసినది పోగా ఒక దిమ్మకు పన్నెండు ముక్కలే.

ఆ పన్నెండైనా సమానంగా రావాలంటే అచ్చు సరైనదై ఉండాలి. కేవలం సిలికాన్ అచ్చులో పోస్తే బరువుకు పక్కలు బయటికి ఉబ్బి, మధ్యలోని ముక్కలు లావుగానూ చివరివి సన్నగానూ వస్తాయి. సన్నవి ఆరాక 96 గ్రాములకు దిగితే 100 గ్రాముల చీటీ అంటించలేం. అందుకే చుట్టూ చెక్కపెట్టె ఉన్న అచ్చు కొన్నాం. దాని ధర 18 పౌండ్లు. మూలలు చిరిగేలోగా అరవై వాయిలు పోయవచ్చని బెన్ అనుభవం కనుక వాయికి 30 పెన్నీలు పడుతుంది. అచ్చు ఖరీదు భయపెడుతుంది గానీ బిళ్ళకు పడే భారం మూడు పెన్నీలే.

ఇక పన్నెండు ముక్కలూ అమ్మకానికి రావు. జనవరిలో ఒకరోజు గరాజు చల్లగా ఉంది. నూనెలు కరిగించాక నేను వేరే పనిలో పడ్డాను, కాస్టిక్ నీరు కూడా బాగా చల్లారిపోయింది. రెండూ కలిపిన రెండు నిమిషాలకే మిశ్రమం చిక్కబడింది. తయారైందనుకుని అచ్చులో పోశాను. అది సబ్బుగా మారుతున్న చిక్కదనం కాదు, చలికి షియా బటర్ గడ్డకట్టిన చిక్కదనం. మరునాడు మూత తీస్తే పైన నూనె తేలి మెరుస్తోంది, కోస్తే లోపల తడి గుంటలు కనిపించాయి. బెన్ వేలితో తాకి నాలుక కొసకు ఆనించుకుని, చురుక్కుమనగానే నోరు కడుక్కున్నారు. కాస్టిక్ విడిగా మిగిలిపోయిందన్నమాట. మళ్లీ కరిగించి కలిపితే ఇంట్లో వాడుకోవచ్చునేమో గానీ, ఆ గరుకు సబ్బును అమ్మకానికి పెట్టలేం. "పారేసినది కూడా రాయాలి దీకరీ, దాని ఖర్చు మిగిలినవి మొయ్యాలి" అన్నారు.

అందుకని ఒక్క వాయి లెక్క వదిలేసి, వరుసగా పది వాయిలకు రాశాను. కోసినవి 120. పాడైన వాయిలో 12 పోయాయి. అంచులు విరిగినవి, తూకం తక్కువైనవి, కొనేవాళ్లకు వాసన చూపడానికి తెరిచి పెట్టినవి కలిపి మరో 9. అమ్మకానికి నిలిచినవి 99, అంటే వాయికి పది కూడా కాదు. సరుకులకు 105 పౌండ్లు, అచ్చుకు 3 పౌండ్లు, మొత్తం 108 పౌండ్లను 99తో భాగిస్తే బిళ్ళకు 1.09 పౌండ్లు. నేను మొదట చెప్పిన 75 పెన్నీలకు దాదాపు సగం మళ్లీ చేర్చినట్టు.

ప్యాకింగ్‌ను మాత్రం ఈ మొత్తంలో కలపలేదు. చుట్టేది ఆరిన తర్వాతే కనుక పాడైన బిళ్ళలకు అట్టపెట్టె ఖర్చు కాదు. దాన్ని 99 బిళ్ళలకే విడిగా వేయాలి. అట్టపెట్టె 22 పెన్నీలు, కాగితపు చీటీ 6 పెన్నీలు. దాంతో బిళ్ళ 1.37 పౌండ్లకు చేరింది. ఇంత తేలాక తగ్గించదగినది ఏదని వెతికితే నూనెలో తగ్గించడానికేమీ కనిపించలేదు. చవక నూనెకు మారితే కాస్టిక్ మోతాదు మళ్లీ కట్టాలి. పైగా ఈ దేశంలో సబ్బు అమ్మాలంటే ప్రతి మిశ్రమానికీ నిపుణులతో భద్రతా నివేదిక రాయించాలి, మిశ్రమం మారిస్తే ఆ ఖర్చు మళ్లీ మొదలు. పెట్టె ఒక్కటే మన చేతిలో ఉంది.

శనివారం సంతలో గమనిస్తే, కొనేవాళ్లు పెట్టె విప్పి బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకున్నాకే డబ్బు తీస్తున్నారు. బల్ల మీది వాటికి చీటీ మాత్రమే చుట్టి, కానుకకని అడిగినవాళ్లకే పెట్టె ఇస్తే సరిపోతుందని చెప్పాను. బెన్ నోటుపుస్తకం తీసుకుని 1.37 పక్కన తన చేత్తో 1.15 అని రాసి, కింద "సంతకు" అని గుజరాతీలో రాసి గీత గీశారు.