కనురెప్పల వాపు: కారణం ఫొటోల్లో దొరికిన తీరు

మా ఆడపడుచు కూతురి పెళ్ళి జరిగిన మర్నాడు ఉదయం నా కనురెప్పలు రెండూ తెరుచుకోనంతగా వాచిపోయాయి. చెవుల పై అంచులు కందిపోయి, చెవుల వెనుక సన్నని పొక్కులు లేచి, వాటి నుండి రసి కారసాగింది. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట, మెడ వెనుక విపరీతమైన దురద. ఇంట్లో అందరూ నేను మొదటిసారి పెట్టుకున్న గిల్టు హారాన్ని, బుట్టలను అనుమానించారు. కొందరు బ్యూటీషియన్ వేసిన మేకప్ అన్నారు. మా అత్తగారు మాత్రం విందులో తిన్న వంకాయ కూర వల్లే వచ్చిందని తేల్చేశారు. మన ఇళ్ళలో ఒంటి మీద ఏ దద్దురు లేచినా తొలి ముద్దాయి వంకాయే కదా. జుట్టుకు వేసుకున్న రంగు ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఆ రంగును ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నాను.

దగ్గరలోని వైద్యుడు ఇచ్చిన మాత్రలతో వాపు తగ్గింది గానీ, కారణం తెలియలేదు. తరువాత కలిసిన చర్మవ్యాధి నిపుణురాలు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, వాచినప్పుడు ఫొటోలు తీశారా?" అని. నేను వెళ్ళేసరికి చర్మం దాదాపు మామూలుగా ఉంది కాబట్టి, ఆవిడకు మిగిలిన సాక్ష్యం ఫోనులో ఉన్నదే. అదృష్టవశాత్తు మా అమ్మాయి ఆ ఉదయం కిటికీ పక్కన, పగటి వెలుతురులో, ముఖం నిండుగా ఒకటీ, రెండు చెవులూ, మెడ వెనుక భాగమూ విడివిడిగా తీసి ఉంచింది. మన చామనఛాయ చర్మం మీద ఎర్రదనం సరిగా కనిపించదని, ఊదా రంగుగానో ముదురు గోధుమగానో తేలుతుందని, ఫోనులో ముఖాన్ని నునుపు చేసే బ్యూటీ మోడ్ ఆపకపోతే అదీ మాయమవుతుందని, వాపు తెలియాలంటే వెలుతురు పక్క నుండి పడాలని డాక్టరు గారు చెప్పారు.

ఆవిడ ఫొటోలను పెద్దవి చేసి, మచ్చలు ఉన్న చోట్ల కంటే లేని చోట్లను ఎక్కువసేపు చూశారు. గిల్టు నగల్లో ఉండే నికెల్ కారణమైతే చెవితమ్మె రంధ్రం చుట్టూ, హారం ఆనిన గీత వెంబడి, మెడ వెనుక కొక్కెం తగిలిన చోట దద్దు రావాలి. నా ఫొటోల్లో హారం ఆనిన చోటంతా శుభ్రంగా ఉంది, చెవితమ్మెలకు ఏమీ లేదు, కందినవి చెవుల పై అంచులు. మేకప్ కారణమైతే బుగ్గలు తప్పించుకోవు. జుట్టు అంచు, చెవుల పైభాగం, చెవుల వెనుక, మెడ వెనుక, కనురెప్పలు అనే ఈ వరుస తల కడిగినప్పుడు రంగు నీళ్ళు జారే దారేనని ఆవిడ చూపించారు. రంగు పూసింది తలకే అయినా, మాడు చర్మం మందం కాబట్టి అక్కడ అంతగా తెలియదు. కనురెప్పల చర్మం చాలా పలుచన కాబట్టి ముందు అదే వాస్తుంది.

తరువాత తేదీలు చూశాము. నేను రంగు వేసుకున్నది మంగళవారం. పెళ్ళి శుక్రవారం రాత్రి. మధ్యలో గురువారం ఉదయం, అమ్మాయిని పెళ్ళికూతుర్ని చేసినప్పుడు తీసిన ఫొటోలో, ఇంకా మేకప్పూ గిల్టు నగలూ ముట్టని నా ముఖంలో కుడి చెవి పై అంచు అప్పటికే కంది ఉంది. ఆ ఒక్క ఫొటోతో హారానికీ మేకప్‌కూ ఆ నేరం అంటగట్టే వీలు పోయింది. ఈ రకం ఎలర్జీ తగిలిన వెంటనే కాక, సాధారణంగా ఒకటి నుండి మూడు రోజులలో బయటపడుతుంది కాబట్టి, చాలామంది చివరగా వాడిన వస్తువును నిందిస్తారు.

"మరి ఇన్నేళ్ళు ఎందుకు రాలేదండీ?" అని అడిగాను. దానికి ఆవిడ, ఎప్పుడైనా నల్ల గోరింటాకు పెట్టించుకున్నారా అని ఎదురు ప్రశ్న వేశారు. నాలుగేళ్ళ కిందట ఒక తిరునాళ్ళలో కోన్‌తో వేయించుకున్న లత ఫొటో మా చెల్లెలికి పంపిన సంగతి గుర్తుకు వచ్చి, వెతికి చూపించాను. చేతి మీద లత ఆకారం ఆకారంగానే, ఒక్క గీత తప్పకుండా, పొంగి నీటి పొక్కులుగా లేచి ఉంది. అసలైన గోరింటాకు కొన్ని గంటలు ఉంచితే గానీ పండదు, పండితే నారింజ నుండి ముదురు గోధుమ వరకే వెళుతుంది; గంటలోపే నల్లగా పట్టిందంటే అందులో పారాఫినైలిన్ డయమిన్ అనే రంగు రసాయనం కలిపి ఉండవచ్చని అనుమానించాలి. వైద్యులు దీనినే పొట్టిగా పీపీడీ అంటారు. ఐరోపాలో జుట్టు రంగులో ఇది 2 శాతానికి మించకూడదు, చర్మానికి పూయనే కూడదు. తిరునాళ్ళ కోన్‌లో ఎంత ఉందో కొలిచేవారు ఉండరు. ఒకసారి శరీరం దానిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటే, ఆ గుర్తు సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

ఇది అనుమానమే కనుక, నిర్ధారణకు ప్యాచ్ పరీక్ష చేయాలన్నారు. అయితే స్టెరాయిడ్ మాత్రల ప్రభావం పూర్తిగా పోయేదాకా, ఎండలు తగ్గేదాకా ఆగమన్నారు. మా విజయవాడ వేసవిలో చెమటకు వీపు మీది పట్టీలు నిలవవు. పరీక్షలో పదార్థాలను చిన్న గిన్నెల వంటి బిళ్ళల్లో పెట్టి వీపు పైభాగాన అంటిస్తారు, 48 గంటలు వీపు తడపకూడదు, తరువాత తీసి ఒకసారి, మళ్ళీ నాలుగో రోజున ఒకసారి చూస్తారు. పాత ప్రతిచర్య తీవ్రమైనది కావడంతో నాకు పీపీడీ బిళ్ళను తక్కువ గాఢతతో పెట్టారు. నాలుగో రోజున ఆ చోట కందిన బుడిపె మీద పొక్కులు లేచాయి, అంటే ప్రతిచర్య ఎంత బలంగా ఉందో చెప్పే లెక్కలో రెండు ప్లస్‌లు. నికెల్ దగ్గర కూడా ఒక ప్లస్ వచ్చింది.

ఇక్కడే నాకు గందరగోళం కలిగింది, ఎందుకంటే నికెల్ కూడా పడదని తేలితే మా వాళ్ళ అనుమానమూ నిజమే కదా. డాక్టరు గారు మాత్రం, పరీక్షలో ప్లస్ రావడం వేరు, ఈ వాపుకు అదే కారణం కావడం వేరు అన్నారు. చిన్నప్పుడు గిల్టు కమ్మలకు చెవితమ్మెలు పుండ్లు పడేవి, నికెల్ ప్లస్ ఆ పాత కథకు సరిపోతుంది. ఫొటోల్లోని వరుస, తేదీలు మాత్రం రంగుకే సరిపోతాయి. నా రంగు పొడి పొట్లం మీద హెన్నా అని పెద్ద అక్షరాలలో ఉన్నా, వెనుక చిన్న అక్షరాలలో పారాఫినైలిన్ డయమిన్ పేరు, ముందుగా చర్మం మీద పరీక్షించి చూసుకోవాలన్న హెచ్చరిక రెండూ ఉన్నాయి.

పీపీడీ లేదని రాసిన రంగులు కొనవచ్చా అంటే, వాటిలో తరచుగా ఉండే దాని చుట్టపు రసాయనం టొల్యూయిన్ డయమిన్‌కు కూడా నా వంటి వారిలో చాలామంది స్పందిస్తారని, వాటినీ మానమన్నారు. పంటి నొప్పికి పూసే కొన్ని జెల్‌లలో ఉండే మత్తుమందు బెంజొకెయిన్ కూడా ఆ కుటుంబానిదే కనుక దంతవైద్యుడికి చెప్పమని చీటీ మీద రాసి ఇచ్చారు. సాధారణంగా ఇచ్చే లిగ్నొకెయిన్ సూది వేరే కుటుంబానిది, దానితో ఈ భయం లేదట. ఇప్పుడు ఇంట్లో ఎండబెట్టిన గోరింటాకు పొడి, ఆ మర్నాడు నీలి ఆకు పొడి వాడుతున్నాను. కొత్త పొట్లం తెచ్చిన ప్రతిసారీ ముందుగా మోచేతి మడతలో కొంచెం పూసి, నాలుగు రోజులు ఆగి, పూసిన చోటును అదే కిటికీ పక్కన ఫొటో తీసి పొట్లం ఫొటోతో కలిపి ఉంచుతున్నాను.