లావొక్కింతయు పద్యంలో ‘నేను’ ఎక్కడుంది? నా సెమినార్ పేపర్ అనుభవం

మూడో సెమిస్టర్ ఫలితాలు నిన్న సాయంత్రం వచ్చాయి. ‘భక్తి కవిత్వంలో శరణాగతి’ అనే సెమినార్ పేపర్‌కి నాకు 30కి 26 వచ్చాయి. మొదటి డ్రాఫ్ట్‌కి వచ్చింది 11. చాలా సంతోషంగా ఉంది, దాచుకోను. ఈ టాపిక్ తీసుకున్న జూనియర్లు చాలామంది ఎలా రాశానని అడుగుతున్నారు కాబట్టి వివరంగా చెబుతాను.

ముందు ఆ 11 సంగతి. శరణాగతి అనగానే మనందరికీ గుర్తొచ్చేది పాంచరాత్రం చెప్పిన ఆరు అంగాలు. ఆనుకూల్య సంకల్పం, ప్రాతికూల్య వర్జనం, రక్షిస్తాడనే విశ్వాసం, గోప్తృత్వ వరణం అంటే ‘నువ్వే కాపాడు’ అని కోరుకోవడం, ఆత్మనిక్షేపం అంటే తనని తాను అప్పగించుకోవడం, కార్పణ్యం అంటే తన నిస్సహాయతని ఒప్పుకోవడం. నేను ఆరు సైడ్ హెడింగులు పెట్టాను. ఒక్కోదాని కింద పోతనదో అన్నమయ్యదో రామదాసుదో ఒక పద్యమో కీర్తనో, దాని తాత్పర్యం, చివర ‘ఇందులో కవి భక్తి పరాకాష్ఠకు చేరింది’ అని ఒక వాక్యం. ఇరవై రెండు పేజీలు వచ్చాయి. మేడం మార్జిన్‌లో ఒకే మాట రాశారు: ‘తాత్పర్యం రాశావు, పద్యం చదవలేదు.’

రెండు రోజులు ఆ కాగితాలు ముట్టుకోలేదు. అన్ని పుస్తకాలు తిరగేసి, అంత రాసి, చదవలేదనిపించుకోవడం చాలా బాధ అనిపించింది. మూడో రోజు మిగతావన్నీ పక్కన పెట్టి, గజేంద్రమోక్షంలోని ఒక్క పద్యాన్ని తెల్లకాగితం మీద పాదం పాదం విడదీసి రాసుకున్నాను.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర కావవే వరద సంరక్షింపు భద్రాత్మకా

క్రియల కింద గీతలు గీశాను. మొదటి రెండు పాదాల్లో ఆరు క్రియలున్నాయి. వాటి కర్తలు చూడండి: లావు, ధైర్యం, ప్రాణాలు, మూర్ఛ, తనువు, శ్రమ. ఏనుగు తన గురించే చెబుతోంది, కానీ ‘నేను’ అనే కర్త ఒక్క క్రియకీ లేదు. ఒంట్లో ఒక్కొక్కటీ దాని పట్టు తప్పి పోతోంది. మూడో పాదంలో మాత్రం ‘ఎరుగ’ ఉంది. అంటే ఎరుగను. పద్యం మొత్తంలో ఉత్తమ పురుష క్రియ ఇదొక్కటే, అదీ వ్యతిరేకార్థంలో. ‘నేను’ చేసిన ఏకైక పని ఎరగకపోవడం! ఆ వెంటనే ‘దీనునిన్’ అని ద్వితీయా విభక్తిలోకి, అంటే కర్మ స్థానంలోకి వెళ్లిపోతుంది. నాలుగో పాదంలో క్రియలన్నీ ఎదుటివాడివే: రావే, కావవే, సంరక్షింపు.

కార్పణ్యం అంటే ఏమిటో ఇరవై రెండు పేజీల్లో నేను చెప్పలేకపోయింది ఈ గీతల్లో కనపడింది. అప్పుడు ‘మొదటి రెండు పాదాలు కార్పణ్యం, నాలుగోది గోప్తృత్వ వరణం’ అని రాస్తే, ఎందుకని అడిగినవాళ్లకి చూపించడానికి క్రియలున్నాయి.

తర్వాతి చిక్కు విశ్వాసం. రక్షిస్తాడనే నమ్మకం ఒక అంగమైతే, ఇదే గజేంద్రుడు కొంచెం ముందు ‘కలడు కలండనెడువాడు కలడో లేడో’ అన్నాడు కదా? చాలామంది పేపర్లలో ఈ కంద పద్యాన్ని కూడా విశ్వాసానికి ఉదాహరణగా ఇస్తున్నారు. దయచేసి ఇవ్వకండి. అందులో ‘కలడందురు’ అని మూడుసార్లు ఉంది. ఉన్నాడని ‘అంటారు’. అది నలుగురి మాట, తన అనుభవం కాదు. దేవుడు అక్కడ ‘వాడు’. దాని తర్వాత వచ్చే ‘కలుగడే నాపాలి కలిమి’ సీసంలోనూ వాడే. లావొక్కింతయు దగ్గరికి వచ్చేసరికి ‘నీవే’ అయ్యాడు. ఆ పద్యానికి ముందున్న చిన్న వచనాన్ని మనం దాటేస్తాం. గజేంద్రుడు ‘ఈశ్వర సన్నిధానంబు గల్పించుకొని’ మాట్లాడాడని పోతన అక్కడ చెప్పాడు. వాడు నీవు కావడమే విశ్వాసం. అనుమానం లేకపోవడం విశ్వాసమని రాస్తే ఆ కందం మనకి అడ్డం తిరుగుతుంది.

ఇంకో జాగ్రత్త. ఆరు అంగాలు శ్రీవైష్ణవులు వాడే కొలత. అన్నమయ్య ఆ సంప్రదాయంలోనివాడు, ఆయనకి వాడితే పేచీ లేదు. పోతన అలా కాదు. తాను మహేశ్వర ధ్యానంలో ఉన్నప్పుడు రాముడు కనిపించి భాగవతం రాయమన్నాడని అవతారికలో చెప్పుకున్న కవి. కాబట్టి ‘పోతన షడంగ శరణాగతిని పాటించాడు’ అని రాయకూడదు. చదవడానికి ఈ కొలత వాడుకుంటున్నామని మొదటి పేజీలోనే చెప్పేయాలి. అలాగే లావొక్కింతయులో మాట్లాడేది ఏనుగు, కవి కాదు. ఈ రెండూ కలిపేస్తే మార్కులు అక్కడే పోతాయి.

అన్నమయ్య దగ్గర ‘అంతర్యామి అలసితి సొలసితి’ ఒక్కటే తీసుకున్నాను. ‘ఇంతట నీ శరణిదె జొచ్చితిని’ అని పల్లవిలోనే శరణాగతి అయిపోయింది. మరి మూడు చరణాలు ఎందుకు? ‘కోరిన కోర్కులు కోయని కట్లు, తీరవు నీవవి తెంచక.’ నువ్వు తెంచకపోతే తీరవు. తర్వాత విడిపించక, శాంతపరచక. అన్నీ ‘అక’తో ముగిసే షరతులే. చివరి చరణం చివర: ‘ఎదుటనె శ్రీవేంకటేశ్వర నీవదె, అదన గాచితివి అట్టిట్టనక.’ మళ్లీ అదే ‘అక’, కానీ ఇది షరతు కాదు. అటూ ఇటూ అనకుండా కాచావు అంటున్నాడు. క్రియ కూడా గాచితివి, జరిగిపోయిన పని. అడగడంతో మొదలైన ప్రత్యయం అందుకోవడంలో ఆగింది. ఇది కనపడిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రామదాసుకి ఒక్క పేజీ ఇచ్చాను. ‘నను బ్రోవమని చెప్పవే సీతమ్మ తల్లి’లో నేరుగా రాముణ్ణి అడగకుండా అమ్మ చేత చెప్పించుకోవడం ఉంది. దాన్నే పురుషకారం అంటారు. ధూర్జటిని పూర్తిగా వదిలేశాను. క్లాసులో కొందరు ‘ముగ్గురితోనే సరిపెట్టావు, పని తగ్గించుకున్నావు’ అన్నారు. తగ్గించుకోలేదు. ఆ నాలుగు పాదాల మీద పది రోజులు కూర్చున్నాను. రోజూ గంటసేపు పద్యం చేత్తో రాసి, సంధులు విడదీసి, కర్త ఎవరో క్రియ ఏదో రాసుకున్నాకే వ్యాఖ్యానం తెరిచాను. పేర్లు పోగేసేవాళ్లు ఈ పని చేయడం లేదని గట్టిగానే చెబుతున్నాను.

వైవాలో వచ్చిన ప్రశ్న కూడా చెబుతాను, మీకూ రావచ్చు. ‘లావొక్కింతయులో ఆరు అంగాలూ ఉన్నాయా?’ అని అడిగారు. లేవన్నాను. ఇకపై ఇలా ఉంటాను, అలా ఉండను అని ఏనుగు ఎక్కడా మాట ఇవ్వలేదు కాబట్టి మొదటి రెండూ లేవు. ఆత్మనిక్షేపం మాటల్లో లేదు. ‘మరి అది ఎక్కడుంది?’ అన్నారు. అన్నమయ్య ‘జొచ్చితిని’లో ఉంది సార్, అక్కడ ‘నేను’ కర్తగా చేసిన పని అదే అన్నాను.