పన్నెండు నెలల జీతం నేనే ఇచ్చుకున్నాను

2025 మార్చి 31న ఉద్యోగం మానేశాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 14 ఏళ్లు ఆగకుండా పనిచేసి, ఒక్క ఏడాది ఆగాలనుకున్నాను. ఇంట్లో అమ్మ, తొమ్మిదో తరగతికి వెళ్తున్న పాప, నేను. ఇంకెవరి జీతమూ లేదు. ఆ ఏడాదికి డబ్బు ఎలా సిద్ధం చేసుకున్నానో, ఎక్కడ తప్పటడుగు వేశానో రాస్తున్నాను.

మొదటి తప్పు లెక్కలోనే జరిగింది. 2022లో ఈ ఆలోచన వచ్చినప్పుడు నెలకు 45 వేలు అవుతుందనుకుని, దాన్ని పన్నెండుతో గుణించి 5,40,000 చాలనుకున్నాను. 2024 మార్చిలో ఒక ఆదివారం పూట ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఒక్కో లైనూ చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. అద్దె, సరుకులు, కరెంటు, పాప ట్యూషన్, అమ్మ మందులు కలిపి నెలకు 52 వేలవుతున్నాయి. దీనికి తోడు ప్రతి నెలా కనిపించనివి ఉన్నాయి. స్కూలు ఫీజు రెండు విడతల్లో 84 వేలు, ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీ ప్రీమియంలు 46 వేలు, స్కూటర్ బీమా, సర్వీసింగ్ 8 వేలు, పండగలకూ పెళ్లిళ్లకూ ఊరెళ్లే ఖర్చు 48 వేలు. అన్నీ కలిపితే 1,86,000. అంటే ఏడాదికి 8,10,000. నేను అనుకున్నదానికి రెండు లక్షల డెబ్బై వేలు ఎక్కువ.

ఆ కాగితం అమ్మకు చూపిస్తే ఆమె అడిగిన ప్రశ్నతో లెక్క ఇంకా పెరిగింది. "ఏడాది అయిపోయిన మర్నాడే జీతం వచ్చేస్తుందా?" అంది. రాదు. ఇంటర్వ్యూలు కావాలి, ఆఫర్ రావాలి, చేరాలి, ఆ తర్వాత నెలాఖరు దాకా ఆగాలి. అందుకని ఇంకో మూడు నెలల ఖర్చు, 1,56,000, కలిపాను. అమ్మ వయసు దృష్టిలో పెట్టుకుని వైద్యానికి విడిగా 1,50,000 అనుకున్నాను. మొత్తం 11,16,000 అయింది. ఏడాది బ్రేక్ అంటే పదిహేను నెలల డబ్బు అని నాకు అప్పుడే అర్థమైంది.

పొదుపు మాత్రం 2022 అక్టోబరులోనే మొదలుపెట్టాను. నెలకు 30 వేలు పక్కన పెట్టగలిగాను. అందులో 20 వేలు రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లేవి. మిగతా 10 వేలు షేర్ మార్కెట్‌తో పాటే పెరిగి తగ్గే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో ప్రతి నెలా వాయిదాగా, అంటే సిప్‌గా, వేశాను. అది విజయవాడలో ఉండే మా అన్నయ్య సలహా. "రెండున్నరేళ్లు టైముంది కదా, అంతా బ్యాంకులో పెడితే ఏం మిగులుతుంది?" అన్నాడు. అన్నయ్య చెప్పింది అతనికి సరిపోతుంది, అతని డబ్బు పదేళ్ల తర్వాతి అవసరానికి. నాది అలా కాదు. ఏ నెలలో ఏ రూపాయి కావాలో నాకు ముందే తెలుసు. ఆ తేడా నాకు ఆలస్యంగా తట్టింది.

2024 ఆగస్టు చివర్లో, ఏడాది దాటిన 11 వాయిదాల యూనిట్లు అమ్మేశాను. పెట్టింది 1,10,000, వచ్చింది దాదాపు 1,52,000. ఏడాది దాటిన ఈక్విటీ లాభం ఏడాదికి 1,25,000 లోపు ఉంటే పన్ను లేదు కాబట్టి మొత్తం చేతికొచ్చింది. మిగతావి కూడా అప్పుడే అమ్మాల్సింది. ఏడాది నిండని యూనిట్ల లాభం మీద 20 శాతం పన్ను పడుతుందని ఆగాను. నిజం చెప్పాలంటే మార్కెట్ పెరుగుతూనే ఉంది, ఆశ కూడా ఉంది. సెప్టెంబరు 27న నిఫ్టీ 26,277 దాకా వెళ్లింది. ఆ రోజుల్లో నా 13 వాయిదాలు, అంటే 1,30,000, విలువ 1,55,000 చూపించింది. తర్వాత పడటం మొదలైంది. 2025 మార్చి మొదటి వారానికి నిఫ్టీ 22 వేల దగ్గరకొచ్చింది. నా డబ్బు 1,31,000 అయింది. రాజీనామా లెటర్ అప్పటికే ఇచ్చేశాను. పన్ను తప్పించుకుందామని ఆగితే మిగిలేది ఐదు వేలు, పోయింది 24 వేలు. మా ఇంటి ఖర్చులో అది పదమూడు, పద్నాలుగు రోజులు. రాత్రిళ్లు యాప్ తెరిచి చూసుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు.

అంత టెన్షన్‌లోనూ నన్ను నిలబెట్టింది 2024 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ఇంకో పని. డబ్బంతా ఒకే పెద్ద ఎఫ్‌డీలో వేయలేదు. ఏడాది ముందు నుంచి ప్రతి నెలా మొదటి వారంలో, సరిగ్గా ఒక నెల ఖర్చు, 52 వేలు, ఒక ఏడాది ఎఫ్‌డీ వేస్తూ వచ్చాను. 2024 ఏప్రిల్‌లో వేసింది 2025 ఏప్రిల్‌లో చేతికొస్తుంది. మేలో వేసింది మేలో వస్తుంది. కొత్తగా మిగిలే జీతానికి రికరింగ్ డిపాజిట్‌లో పోగైనది కొంచెం కొంచెం కలిపి ఇవి వేశాను. సెప్టెంబరులో సిప్ ఆపేశాక ఆ పది వేలు కూడా ఇటే వచ్చాయి. స్కూలు ఫీజుకు జూన్‌లో, నవంబరులో 42 వేల చొప్పున విడిగా రెండు ఎఫ్‌డీలు. ప్రీమియం కట్టే డిసెంబరుకు ఇంకొకటి. ఆఖరి ఎఫ్‌డీ 2025 మార్చిలో వేశాను.

ఈ పద్ధతిలో రెండు లాభాలు కలిసొచ్చాయి. ఉద్యోగం మానేసే రోజున డబ్బంతా ఒకేసారి ముక్కలు చేసి ఉంటే, మొదటి నెలలవి రెండు మూడు నెలల ఎఫ్‌డీలయ్యేవి, వాటికి వడ్డీ బాగా తక్కువ. నావన్నీ ఏడాదివే కాబట్టి చాలావాటికి 7 శాతానికి అటూ ఇటూ పడింది. 52 వేలు పెడితే 55,600 దాకా వచ్చేది. ఏడాదిలో పెరిగిన పాల ధర, కూరగాయల ధర అందులోనే సర్దుకున్నాయి. రెండోది, 2025 ఫిబ్రవరి నుంచి రిజర్వ్ బ్యాంక్ తను బ్యాంకులకిచ్చే అప్పు మీది వడ్డీ, అంటే రెపో రేటు, తగ్గిస్తూ వచ్చింది. 6.5 శాతం ఉన్నది డిసెంబరుకు 5.25 అయింది, ఎఫ్‌డీ రేట్లూ దిగాయి. నావి చాలా వరకు అంతకుముందే వేసినవి, వాటి రేటు మారలేదు. ఇది నా తెలివి కాదు, రేట్లు పెరిగి ఉంటే నేను నష్టపోయేదాన్నే.

వైద్యం కోసం అనుకున్న లక్షన్నరను మూడు 50 వేల ఎఫ్‌డీలుగా వేశాను. మధ్యలో విరిస్తే వడ్డీ కోత పడుతుంది, కానీ విరిచిన ముక్క మీదే పడుతుంది. మిగిలిన 55 వేలు సేవింగ్స్‌లో ఉంచాను. పడిపోయిన ఇండెక్స్ ఫండ్‌ను మాత్రం కదపలేదు. దాన్ని వరసలో చివరికి, ఏడాది తర్వాతి మూడు నెలలకు, నెట్టాను. మార్చిలో అది 1,31,000 ఉంది, 55 వేలతో కలిపితే ఆ మూడు నెలలకు సరిపోతుంది. ఇంకో 20 శాతం పడినా కాస్త మిగులుతుందని లెక్క చూసుకున్నాకే అలా వదిలాను. పడిపోయిన డబ్బు మీద మొదటి నెలల ఇంటి ఖర్చు ఆధారపడి ఉంటే ఆ నష్టానికే అమ్ముకోవాల్సి వచ్చేది.

ఆరోగ్య బీమా గురించి ఒక మాట చెప్పాలి. కంపెనీ గ్రూపు పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. నేను 2022 డిసెంబరులోనే మా ముగ్గురికీ సొంత పాలసీ తీసుకున్నాను. రెండేళ్లకు పైగా రెండు పాలసీలున్నాయి, డబ్బు వృథా అని ఆఫీసులో ఒకరిద్దరు అన్నారు. కానీ ముందు నుంచి ఉన్న జబ్బులకు పాలసీల్లో ఉండే వెయిటింగ్ పీరియడ్ జీతం వస్తున్న రోజుల్లోనే చాలా వరకు గడిచిపోయింది. అమ్మకు షుగర్ ఉంది. ఉద్యోగం మానేయడానికి వారం ముందు పాలసీ తీసుకుని ఉంటే, అవసరమైన ఏడాదంతా ఆ జబ్బుకు కవరే ఉండేది కాదు.

ఇక నడిచిన తీరు. 2025 ఏప్రిల్ మొదటి వారంలో మొదటి ఎఫ్‌డీ డబ్బు అకౌంట్లో పడ్డప్పుడు పాప, "అమ్మా, నీకు జీతం వచ్చిందా?" అంది. వచ్చిందనే చెప్పాను. జూలైది మాత్రం రాలేదు. చూస్తే, అది వేసేటప్పుడు మెచ్యూరిటీ సూచనలో 'సేవింగ్స్‌కు జమ' ఎంచుకోలేదు, బ్యాంకు దానంతటదే ఇంకో ఏడాదికి రెన్యూ చేసేసింది. మూడో రోజే గమనించి రద్దు చేయించాను, పోయింది రెండు మూడు రోజుల వడ్డీనే. ఆ సాయంత్రమే మిగిలినవన్నీ తెరిచి సూచనలు సరిచేశాను, ఇంకో రెండింటిలో అదే తప్పు ఉంది. ఆ నెలలోనే ఇంకోటి. మూడు నెలలు జీతం పడకపోవడంతో నా శాలరీ అకౌంట్ మామూలు సేవింగ్స్ అకౌంట్‌గా మారి, కనీస బ్యాలెన్స్ లేదని ఛార్జీ కోశారు. కనీస బ్యాలెన్స్ అక్కర్లేని ఖాతా మానేయకముందే తెరిచి ఉండాల్సింది. ఆగస్టులో అమ్మకు జ్వరం, ఆసుపత్రి. బిల్లు బీమాలో వెళ్లింది, బీమాకు రాని పరీక్షలకు, మందులకు ఒక 50 వేల ముక్క విరిచాను.

నవంబరుకు నిఫ్టీ మళ్లీ 26 వేల దగ్గరకొచ్చింది. ఈసారి ఆలోచించకుండా మొత్తం అమ్మేశాను. యూనిట్లన్నీ ఏడాది దాటాయి, లాభం కూడా 1,25,000 లోపే, పన్నేమీ పడలేదు. ఆ డబ్బును కూడా వరసలో పెట్టాను, ఏప్రిల్‌కొకటి, మేకొకటి, జూన్‌కొకటి.

2026 జనవరిలో ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాను. మార్చి మధ్యలో ఆఫర్ వచ్చింది. ఏప్రిల్ 20న చేరాను, కానీ ఆ నెల జీతాల లెక్క అప్పటికే ముగిసింది. ఆ పదకొండు రోజుల జీతం కలిపి మే నెలాఖరునే ఇచ్చారు. ఏప్రిల్, మే ఎఫ్‌డీలు అయిపోయాయి, జూన్‌ది మాత్రం మిగిలింది. ఆ జూన్ ఎఫ్‌డీ డబ్బు స్కూలు ఫీజుకే వెళ్లింది. పాప ఇప్పుడు పదో తరగతి.