నూటికి ఎనభై ఆరు కలిసినా ఏకాభిప్రాయం లేదు

చాట్‌బాట్ ఇచ్చే జవాబులను నలుగురు సమీక్షకులు చదివి మార్కులు వేయాలి. వాళ్లందరూ ఒకే కొలతతో కొలిచేలా మార్గదర్శక పత్రం రాసే పని నాకు అప్పగించారు. ఒకే పేజీలో ముగించాను. అందులో అసలైన వాక్యం ఒక్కటే: "జవాబు సరైనదై, ఉపయోగకరంగా ఉంటే 'బాగుంది' అని, లేకపోతే 'బాగాలేదు' అని గుర్తించండి." ఇంతకన్నా స్పష్టంగా ఎవరు రాయగలరు అనుకున్నాను కూడా.

మొదటి విడతగా యాదృచ్ఛికంగా తీసిన వంద జవాబులు ఇచ్చాను. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మార్కులు వేయమన్నాను. ముందుగా ఇద్దరి మార్కులు పక్కపక్కన పెట్టి చూస్తే 86 చోట్ల కలిశాయి. సంతోషంగా ఆ అంకె పట్టుకుని వెళ్తే, గణాంకాలు తెలిసిన సహోద్యోగి ఒకరు, "ఆ 86లో ఎన్ని వాటంతట అవే కలిశాయో చూశారా?" అని అడిగారు. నేను చూడలేదు.

ఆయన కాగితం మీద గీసి చూపించిన లెక్క ఇది. ఇద్దరూ 'బాగుంది' అన్నవి 82, ఇద్దరూ 'బాగాలేదు' అన్నవి 4. మొదటివారు మాత్రమే మెచ్చినవి 8, రెండోవారు మాత్రమే మెచ్చినవి 6. అంటే మొదటివారు మొత్తం 90 జవాబులను, రెండోవారు 88 జవాబులను మెచ్చుకున్నారు. ఇప్పుడు వీళ్లిద్దరూ జవాబులు చదవకుండా, అదే నిష్పత్తిలో కళ్లు మూసుకుని టిక్కులు పెట్టారనుకోండి. 'బాగుంది' దగ్గర సుమారు 79.2, 'బాగాలేదు' దగ్గర 1.2, మొత్తం 80.4 చోట్ల ఊరికే కలుస్తారు. ఈ కాకతాళీయపు వాటాను తీసేసి మిగిలినదాన్ని కొలిచే పద్ధతిని జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించారు. దాని పేరు కప్పా.

```
kappa = (Po - Pe) / (1 - Pe)
      = (0.86 - 0.804) / (1 - 0.804)
      = 0.29
```

ఇక్కడ `Po` నిజంగా కలిసిన వాటా, `Pe` ఊరికే కలిసే వాటా. కప్పా 1 అయితే పూర్తి ఏకాభిప్రాయం, 0 అయితే కళ్లు మూసుకుని పెట్టిన టిక్కులతో సమానం. సూత్రం కన్నా నాకు గట్టిగా తగిలింది ఇంకో లెక్క. ఇద్దరిలో కనీసం ఒకరు చెడ్డదన్న జవాబులు 18 ఉంటే, ఇద్దరూ చెడ్డదన్నవి అందులో నాలుగే. మేము పట్టుకోవాలనుకున్నదే చెడ్డ జవాబులను. సరిగ్గా అక్కడే మా వాళ్లు విడిపోతున్నారు.

విడిపోయిన 14 జవాబులనూ ముందు వేసుకుని, ఇద్దరినీ కూర్చోబెట్టి కారణాలు అడిగాను. అందులో 9 ఒకే తరహావి. ఒకటి చెబుతాను. వినియోగదారు అడిగిన ప్రశ్న, "2000 లీపు సంవత్సరమా?" చాట్‌బాట్ జవాబు: "అవును, 400తో నిశ్శేషంగా భాగించబడుతుంది కనుక. 1900 కూడా లీపు సంవత్సరమే." మొదటి సమీక్షకురాలు, "అడిగింది 2000 గురించి. దానికి జవాబూ కారణమూ రెండూ సరైనవే కదండీ" అన్నారు. రెండోవారు, "1900 లీపు కాదు. అది నమ్మి ఎవరైనా తేదీలు లెక్కవేస్తే?" అన్నారు. ఇద్దరూ నా వాక్యానికి కట్టుబడే ఉన్నారు. ఒకే వాక్యంలో రెండు ప్రశ్నలు ఇరికించి, ఏది దేన్ని ఓడిస్తుందో చెప్పనిది నేను.

ఆ ప్రశ్నను రెండుగా విడగొట్టాను. ఒకటి: జవాబులో ఎక్కడైనా వాస్తవ దోషం ఉందా? అడిగిన విషయంలోనైనా, అడగకుండా చేర్చినదాంట్లోనైనా ఉంటే 'ఉంది' అనాలి. రెండు: అడిగిన పని చేసిందా? మూడు వాక్యాల్లో చెప్పమంటే ఎనిమిది వాక్యాలు రాసిన జవాబుకు, అందులోని ప్రతి మాటా నిజమే అయినా, ఇక్కడ 'లేదు' అనాలి. ఒక్కో ప్రశ్న కింద సరిహద్దు మీద నిలిచే ఉదాహరణలు నాలుగేసి పెట్టి, ప్రతిదానికీ తీర్పుతో పాటు కారణం రాశాను. తేలికైన ఉదాహరణలన్నీ తీసేశాను. పచ్చి తప్పును తప్పని చెప్పడానికి ఎవరికీ పత్రం అక్కర్లేదు.

రెండో విడతకు కొత్త వంద జవాబులు తీసుకున్నాను. పాతవే ఇస్తే, మేము చర్చించుకున్న తీర్పులు వాళ్లకు గుర్తుంటాయి. అలా వచ్చే ఏకాభిప్రాయం పత్రానిది కాదు, జ్ఞాపకశక్తిది. చెడ్డ జవాబులు మరీ తక్కువగా ఉండకుండా, అనుమానాస్పదమైనవి ఎక్కువ పడేలా ఏరాను. వాస్తవ దోషం ప్రశ్న మీద అదే ఇద్దరూ 87 చోట్ల కలిశారు. దోషం లేదని 58, ఉందని 29. కప్పా 0.72. కలిసిన శాతం ఒక్కటంటే ఒక్కటే పెరిగింది, కప్పా మాత్రం రెట్టింపు దాటింది.

గెలిచాననుకునేలోపే ఆ సహోద్యోగి మళ్లీ అడ్డుపడ్డారు. "మీరు పత్రాన్నీ మార్చారు, జవాబుల మిశ్రమాన్నీ మార్చారు. కప్పా దేనివల్ల పెరిగింది?" ఆయన మాట నిజం. చెడ్డవీ మంచివీ దగ్గరదగ్గరగా ఉంటే ఊరికే కలిసే వాటా తగ్గుతుంది. రెండో విడతలో అది 80.4 నుంచి 54.2కు పడిపోయింది. పత్రంలో ఒక్క అక్షరం మారకపోయినా కప్పా కొంత పెరిగి ఉండేది.

అందుకని మా చర్చల్లో లేని మిగతా ఇద్దరు సమీక్షకులకు ఇదే రెండో వందను పాత పత్రంతో ఇచ్చాను. వాళ్లు 74 చోట్ల కలిశారు, కప్పా 0.45. మనుషులు వేరు కాబట్టి ఇది కచ్చితమైన పోలిక కాదు. అయినా 0.29 నుంచి 0.72 అని చాటుకోవడం కన్నా 0.45 నుంచి 0.72 అని చెప్పుకోవడమే నిజాయితీ. అప్పటినుంచి కప్పా రాసిన ప్రతిచోటా దాని పక్కనే మొత్తం పట్టిక కూడా పెడుతున్నాను. 1977లో లాండిస్, కోక్ ఇచ్చిన శ్రేణి ప్రకారం 0.61 నుంచి 0.80 దాకా గణనీయమైన ఏకాభిప్రాయం. ఆ గీతలు తమకు తోచినట్టు గీసినవేనని వాళ్లే రాసుకున్నారు. మా నివేదికలో ఆ విశేషణం వాడలేదు.

ఆ తర్వాత నలుగురికీ కొత్త పత్రమే ఇచ్చి, ఇద్దరిద్దరి చొప్పున ఆరు జతలకూ విడిగా కప్పా తీశాం. సగటు ఒక్కటే చూస్తే, ఒక్కరు దారి తప్పినా కనబడదు. ఒకరున్న మూడు జతలూ తక్కువగా, మిగతా మూడూ ఎక్కువగా ఉంటే, ముందు ఆ ఒక్కరితో మాట్లాడాలి. అయితే తప్పు వారిదేనని అనుకోకూడదు. మా దగ్గర అలా వేరుగా తేలినవారే మిగతా ముగ్గురూ నమ్మేసిన ఒక తప్పుడు సూత్రాన్ని పట్టుకున్నారు.

రెండో విడతలో మిగిలిన 13 భేదాలనూ తెరిచి చూశాం. ఐదు కేవలం పరధ్యానం. ఇంకో ఐదింటిలో ఒకరు వెతికి సరిచూశారు, మరొకరు జ్ఞాపకం మీద ఆధారపడ్డారు. దానికి పత్రంలో ఒక నియమం చేర్చాను: అయిదు నిమిషాలు వెతకండి, అప్పటికీ తేలకపోతే 'తేల్చలేకపోయాను' అని గుర్తించండి. చివరి మూడింటిలో దోషమా, అతి సరళీకరణా అన్నది గంటసేపు వాదించుకున్నా తేలలేదు. వాటికోసం నియమం రాయబోయి ఆగిపోయాను. రాస్తే అంకె పెరిగేది కానీ, ఆ తీర్పు నా ఒక్కడిదే అయ్యేది. ఆ మూడింటికీ రెండు మార్కులనూ అలాగే ఉంచి, పక్కన 'భేదం నిజమైనదే' అని రాసిపెట్టాం.