కిలో కేక్ లెక్క

మూణ్ణెల్లుగా కిలో చాక్లెట్ కేక్ 500కే ఇస్తున్నా. నిన్న రాత్రి కూర్చుని లెక్క రాశా.

మైదా, పంచదార, గుడ్లు, నూనె, కోకో కలిపి 70. విప్పింగ్ క్రీమ్, చాక్లెట్ 240. డబ్బా, అట్ట, కొవ్వొత్తి, కత్తి 70. కుక్కర్‌లో గంటకు పైగా సన్నమంట మీద ఉన్నా గ్యాస్ 15 దాటలేదు. నేనేమో ఇన్నాళ్లూ గ్యాస్ గురించే టెన్షన్ పడ్డా! మొత్తం 395. మిగిలింది 105. గిన్నెలు కడగడంతో సహా నా పని మూడు గంటలు. అంటే గంటకు 35.

ఇంకో తమాషా. డబ్బాలో పెట్టేముందు తూకం వేస్తే 1,180 గ్రాములు. అంచులు నున్నగా రావాలని మెత్తిన క్రీమే ఆ అదనం. ఇకపై క్రీమ్ కూడా తూచే తీస్తా.

నా గంటకు 100 వేసుకుంటే కిలో 695, అంటే 700. అరకిలో మాత్రం 350 కాదు, 480. సరుకు సగమవుతుంది గానీ ఐసింగ్, గిన్నెలు సగం కావుగా.

ఎదురింటి ఆంటీకి చెప్తే, "బేకరీలో అయిదొందలేగా అమ్మా" అన్నారు. సాయంత్రం మళ్లీ వచ్చి కిలోకే ఆర్డరిచ్చారు, అరకిలో గిట్టదట.